‘గ్రామానికి’ ట్యాంకర్ అడిగితే వాడకు నీళ్లు వస్తాయా?

“మా గ్రామంలో బోర్లు ఎండిపోయి ప్రజలు తాగునీటికి తీవ్ర ఇబ్బంది పడుతున్నారు. కావున తమరు దయచేసి మా గ్రామానికి ట్యాంకర్ల ద్వారా తాగునీరు సరఫరా చేయించగలరని మనవి.” వేసవి ముదిరాక సర్పంచులు జిల్లా కలెక్టరుకు రాసే లేఖలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. రెండు వాక్యాలు, కింద సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర. ఇందులో అబద్ధం లేదు, దురుద్దేశం కూడా ఉండకపోవచ్చు. అయినా ఈ లేఖ మీద మంజూరైన ట్యాంకర్ ఎస్సీ కాలనీకి రాకుండా పోయే అవకాశం అందులోని ఒకే ఒక్క మాటలో దాగి ఉంది. ఆ మాట ‘గ్రామం’.

మన భాషలో ఊరు వేరు, వాడ వేరు. “ఊరూ వాడా” అని కలిపి చెప్పాల్సి వచ్చిందంటేనే అవి రెండు అని అర్థం. రాయలసీమలో వాడను గేరి అంటారు. మాలగేరి, మాదిగగేరి అనే పేర్లు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. ప్రభుత్వ కాగితం మాత్రం ఈ రెండింటినీ కలిపి ‘గ్రామం’ అంటుంది. కలిపి పిలవడం చూడటానికి సమానత్వంలా ఉంటుంది. కానీ కరువు కాలంలో నీళ్లు పంచేటప్పుడు ఆ కలిపిన మాటే వాడను మాయం చేస్తుంది. అది ఎలా జరుగుతుందో, లేఖ రాసే దశలోనే దాన్ని ఎలా ఆపవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

లేఖ ఎవరి చేతులు మారుతుంది?

రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా ఉంది. అందులో 11వది తాగునీరు. రోజువారీ సరఫరా పంచాయతీ పనే. బోర్లు ఎండి, పంచాయతీ దగ్గరున్న డబ్బుతో గడవని పరిస్థితి వచ్చినప్పుడు సర్పంచ్ కలెక్టరుకు రాస్తారు. కొందరు సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఇస్తారు, కొందరు ఎంపీడీవో ద్వారా పంపుతారు.

కలెక్టర్ ఆ లేఖ మీద ‘పరిశీలించి చర్య తీసుకోండి’ అని రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖకు పంపుతారు. జనం నోట ఇది ఆర్‌డబ్ల్యూఎస్. అక్కడి నుంచి కాగితం ఈఈ, డీఈ మీదుగా మండలంలోని ఏఈ దగ్గరికి చేరుతుంది. ఏఈ ఊరికి వచ్చి, లేదా సచివాలయ సిబ్బందిని అడిగి, జనాభా ఎంత, పనిచేస్తున్న బోర్లెన్ని, రోజుకు ఎన్ని ట్రిప్పులు కావాలి అన్నది రాసి పైకి పంపుతారు. ఆ అంచనా మీద మంజూరు వస్తుంది.

ఈ ప్రయాణంలో ఒక విషయం గమనించాలి. నీళ్లు ఎక్కడ దింపాలి అన్న ప్రశ్న ఏ దశలోనూ తనంతట తాను లేవదు. లేఖలో ‘గ్రామం’ అని ఉంటే అంచనాలో గ్రామం, మంజూరులో గ్రామం, చివరికి ట్యాంకర్ డ్రైవరుకు చెప్పే మాటలోనూ గ్రామమే. డ్రైవర్ ఊరి మొదట్లో రచ్చబండ దగ్గరో, ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కనున్న సంపు దగ్గరో ఆపి నీళ్లు వదులుతాడు. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలని నిర్ణయించలేదు. అయినా వాడకు నీళ్లు అందలేదు. “మీరూ ఊర్లోనే కదా అక్కా, వచ్చి పట్టుకోండి” అనే సమాధానం ఇక్కడే పుడుతుంది.

సగటు ఏం దాస్తుంది?

అనంతపురం జిల్లా లాంటి రాతి నేలల్లో ఉన్న ఒక పంచాయతీని ఊహించుకుందాం. కింది అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి మేము వేసుకున్నవి, ఏ ఒక్క ఊరివీ కావు.

ఊరిలో 1,500 మంది ఉన్నారు. అర కిలోమీటరు దూరంలో ఎస్సీ కాలనీ, అక్కడ 100 ఇళ్లలో 420 మంది. పంచాయతీకి మూడు బోర్లు. కాలనీ బోరు మార్చిలోనే ఎండిపోయింది. మిగిలిన రెండూ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును నింపుతాయి. ఆ ట్యాంకు నుంచి వచ్చే పైపులైనుకు కాలనీ చిట్టచివరన ఉంది.

బోరులో ఎంత నీరుందో ఇంజనీరు వచ్చేదాకా ఆగకుండానే తెలుసుకోవచ్చు. 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూస్తే చాలు. మొదటి బోరు దగ్గర 15 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 80 లీటర్లు, గంటకు 4,800. రెండో బోరు దగ్గర 30 సెకన్లు, అంటే గంటకు 2,400. ఎండాకాలంలో బోరు ఆగకుండా ఆడదు. కాసేపు నీళ్లు పోసి గాలి కొడుతుంది, మోటారు ఆపి నీరు ఊరేదాకా ఉండాలి. కాబట్టి రోజుకు ఎన్ని గంటలు నిజంగా నీళ్లు పోసిందో వాటర్‌మన్‌ను అడిగి రాసుకోవాలి. మొదటిది 8 గంటలు ఆడితే 38,400 లీటర్లు, రెండోది 9 గంటలు ఆడితే 21,600. మొత్తం రోజుకు 60,000 లీటర్లు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని ప్రమాణం పెట్టుకుంది. ఇప్పుడు లెక్కను రెండు రకాలుగా వేద్దాం.

‘గ్రామం’ అని వేస్తే 1,920 మందికి 60,000 లీటర్లు. మనిషికి 31 లీటర్లు. ఇబ్బందే కానీ, పక్క మండలంలో చుక్క లేని ఊళ్లు ఉన్నప్పుడు ఈ ఊరు వరసలో కిందికి పోతుంది.

ఊరు, వాడ విడివిడిగా వేస్తే ఇంకో చిత్రం కనిపిస్తుంది. ట్యాంకు సగమే నిండినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. దానికి తోడు ఊర్లో ఇళ్ల కుళాయిలకు మోటార్లు బిగించి లాగుతారు. పైపు చివరి దాకా నీరు రాదు. అంటే ఊరివాళ్లకు మనిషికి 40 లీటర్లు, కాలనీవాళ్లకు సున్నా. 31 అనే సగటు మనిషి ఆ పంచాయతీలో ఎక్కడా లేడు.

ఇప్పుడు కలెక్టర్ రోజుకు 4 ట్రిప్పులు మంజూరు చేశారనుకుందాం. ట్రాక్టర్ ట్యాంకరు 5,000 లీటర్లది. మొత్తం 20,000 లీటర్లు. అవి ఊరి సంపులో పడి, ఊరి పైపుల్లోనే పారితే ఊరివాళ్లకు మనిషికి 53 లీటర్లు వస్తాయి, కాలనీకి సున్నానే. అవే 4 ట్రిప్పులు నేరుగా కాలనీలో దింపితే కాలనీవాళ్లకు మనిషికి 47 లీటర్లు, ఊరివాళ్లకు ఎప్పటిలాగే 40. ఖర్చు అదే, ట్యాంకర్ అదే, నీళ్లు అవే. మొదటి పద్ధతిలో ప్రభుత్వం కరువు సాయం పేరుతో ఉన్నవాళ్లకే ఇంకాస్త ఇచ్చింది. రెండో పద్ధతిలో లేనివాళ్లకు ఇచ్చింది. ఈ రెండింటి మధ్య తేడా లేఖలోని రెండు వరసలే: కాలనీ జనాభా ఒక వరస, దింపే చోటు ఇంకో వరస.

ఆర్‌డబ్ల్యూఎస్ శాఖ లెక్కలు నిజానికి ఆవాసాల వారీగానే ఉంటాయి. ఆవాసం అంటే జనం గుంపుగా నివసించే చోటు. ఒక పంచాయతీలో ఊరు, కాలనీ, తండా మూడు ఆవాసాలు కావచ్చు. కాలనీ ఊరికి ఆనుకుని ఉంటే దాన్ని విడిగా చూపకుండా ఊరిలో కలిపి లెక్కించడం ఉంది. అందుకే మొదట తెలుసుకోవాల్సింది ఇదే: ఆర్‌డబ్ల్యూఎస్ జాబితాలో మా కాలనీ ప్రత్యేక ఆవాసంగా ఉందా, లేదా? ఉంటే ఆ పేరుతోనే లేఖ రాయాలి. లేకపోతే ‘ఊరి ఆవాసంలో కలిపి చూపిన ఎస్సీ కాలనీ’ అని స్పష్టంగా రాసి, జనాభా విడిగా ఇవ్వాలి.

‘అందరికీ కుళాయిలున్నాయి కదా?’

ఇటీవలి ఏళ్లలో ఇంకో అడ్డంకి వచ్చింది. ఇంటింటికీ కుళాయి ఇచ్చినట్టు కంప్యూటరులో నమోదై ఉంటుంది. లేఖ పట్టుకుపోతే “మీ ఊరికి నూరు శాతం కుళాయిలున్నాయి, మళ్లీ ట్యాంకర్ ఎందుకు?” అని అడుగుతారు. కుళాయి ఉండటం వేరు, అందులో నీళ్లు రావడం వేరు. మిషన్ నిబంధనల ప్రకారమే పనిచేసే కుళాయి అంటే రోజుకు మనిషికి 55 లీటర్లు, నాణ్యమైన నీరు, క్రమం తప్పకుండా ఇచ్చేది. కాబట్టి వాదనకు దిగాల్సిన పని లేదు. కాలనీలో చివరి మూడు ఇళ్ల కుళాయిల దగ్గర వారం రోజులు పుస్తకం పెట్టి, నీళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు ఆగాయి, ఎన్ని బిందెలు వచ్చాయి అని రాస్తే చాలు. ఆ పుస్తకం నకలు లేఖకు జత చేస్తే కంప్యూటరులోని అంకెకు ఎదురుగా ఇంకో అంకె నిలబడుతుంది.

మహాడ్ నుంచి కారంచేడు దాకా

కాగితం మీది మాటకూ నీళ్ల దగ్గరి వాస్తవానికీ మధ్య దూరం కొత్తది కాదు. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం ఆమోదించింది. ప్రభుత్వ ధనంతో కట్టిన, నడిచే చెరువులూ బావులూ అంటరానివాళ్లకూ తెరవాలన్నది దాని సారం. మహాడ్ మునిసిపాలిటీ తమ ఊరి చవదార్ చెరువు విషయంలో దాన్ని అంగీకరించింది కూడా. కానీ దళితులు ఆ నీటిని ముట్టుకోలేకపోయారు. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది నడిచి వెళ్లి దోసిలి పట్టాకే ఆ తీర్మానానికి అర్థం వచ్చింది. ఆ తర్వాత కూడా దాడులు, కోర్టు కేసు. బొంబాయి హైకోర్టు తీర్పు దళితులకు అనుకూలంగా వచ్చేసరికి 1937 అయింది. తీర్మానంలో చెరువు ‘అందరిదీ’. గట్టు మీద మాత్రం కాదు.

మన నేల మీద కారంచేడు ఉంది. 1985 జులైలో అక్కడి మాదిగపల్లె మంచినీటి చెరువు దగ్గర నీళ్లను మురికి చేయొద్దని అడ్డు చెప్పినందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్తమ్మ ఎదురు నిలిచింది. జులై 17న జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. తెలుగునాట దళిత ఉద్యమం ఒక మలుపు తిరిగింది నీళ్ల దగ్గరి మాట నుంచే.

నీళ్ల ట్యాంకర్ లేఖకూ కారంచేడుకూ పోలికా అని ఎవరైనా అడగవచ్చు. హింసలో పోలిక లేదు. కానీ నీళ్లు ఎక్కడ ఉంటాయి, ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లి పట్టుకోవాలి అన్నది ఎప్పుడూ కులం ప్రశ్నే. ఊరి సంపు దగ్గర ట్యాంకర్ ఆగితే, కాలనీ ఆడవాళ్లు బిందెలతో ఊర్లోకి నడిచివెళ్లి వరస చివర నిలబడాలి. ఊరివాళ్లు పట్టుకున్నాక మిగిలితే పట్టుకోవాలి. ఎండల్లో ప్రతిరోజూ జరిగే ఆ తోపులాట ఏదో ఒక రోజు గొడవ అవుతుంది. ట్యాంకర్‌ను కాలనీలో ఆపడం సౌకర్యం కోసం మాత్రమే కాదు, ఆ గొడవ పుట్టకుండా చూడటానికి కూడా.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

రాజ్యాంగం 15(2) అధికరణం ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువుల వాడకంలో కుల వివక్షను నిషేధిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ద్వారా సెక్షన్ 3(1)(జెడ్ఏ) వచ్చింది. బావి, చెరువు, తొట్టి, కుళాయి వంటి నీటి వనరులను ఎస్సీ, ఎస్టీలు ఇతరులతో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం దాని ప్రకారం నేరం. వాళ్లు వాడే నీటిని పాడుచేయడం కూడా నేరమే.

అయితే ఈ సెక్షన్‌కు ఒక పరిమితి ఉంది. అడ్డుకున్న మనిషి ఎవరో చూపించాలి. కాలనీవాళ్లను వరస నుంచి నెట్టేస్తే, బిందె విసిరేస్తే కేసు నిలబడుతుంది. కానీ ‘గ్రామానికి 4 ట్రిప్పులు’ అన్న మంజూరు కింద డ్రైవర్ ఊరి సంపులో నీళ్లు వదిలి వెళ్తే, ఎవరు ఎవరిని అడ్డుకున్నట్టు? ఆదేశాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. వివక్ష జరిగింది, నిందితుడు మాత్రం లేడు. లేఖలోనూ మంజూరులోనూ ‘కాలనీ రామాలయం ముందున్న తొట్టి దగ్గర 4 ట్రిప్పులు’ అని ఉంటే పరిస్థితి మారుతుంది. ఆ నీళ్లను ఊరివైపు మళ్లించినవాళ్లు ఒక ఆదేశాన్ని ఉల్లంఘించినట్టు అవుతుంది. మళ్లించమని చెప్పింది ఎవరన్న ప్రశ్నకు అప్పుడు జవాబు ఉంటుంది. లేఖలో చోటు పేరు రాయడం అందుకే ముఖ్యం.

లేఖను ఇలా రాయవచ్చు

పైన ఊహించుకున్న పంచాయతీ సర్పంచ్ రాయదగ్గ లేఖ ఇది. ఏ ఊరివాళ్లయినా తమ అంకెలు వేసుకోవచ్చు.

*గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,*

*విషయం: మా పంచాయతీలోని ఎస్సీ కాలనీకి, ప్రధాన గ్రామానికి వేసవిలో ట్యాంకర్ల ద్వారా తాగునీటి సరఫరా కోరుతూ.*

*ఆర్యా,*

*మా పంచాయతీలో రెండు ఆవాసాలు ఉన్నాయి. ప్రధాన గ్రామంలో 1,500 మంది, ఎస్సీ కాలనీలో 100 ఇళ్లలో 420 మంది నివసిస్తున్నారు.*

*ఎస్సీ కాలనీ బోరు మార్చి నెలలో పూర్తిగా ఎండిపోయింది. కాలనీ కుళాయిలకు గత 7 రోజులుగా నీరు అందలేదు. రోజువారీ నమోదు పుస్తకం నకలు జత చేశాం. మనిషికి 55 లీటర్ల చొప్పున కాలనీకి రోజుకు 23,100 లీటర్లు అవసరం. ఇందుకు 5,000 లీటర్ల ట్యాంకరుతో రోజుకు 5 ట్రిప్పులు కావాలి. ఇది అత్యవసరం కాబట్టి మొదట కాలనీకి మంజూరు చేయగలరు.*

*ప్రధాన గ్రామంలో రెండు బోర్ల నుంచి రోజుకు 60,000 లీటర్లు వస్తోంది. అవసరం 82,500 లీటర్లు. లోటు 22,500 లీటర్లకు 5 ట్రిప్పులు కావాలి.*

*కాలనీ ట్రిప్పులను కాలనీ రామాలయం ముందున్న తొట్టిలో ఉదయం 6 గంటల లోపు, సాయంత్రం 5 గంటల తర్వాత దింపాలని, ఆ వివరాన్ని మంజూరు ఉత్తర్వులోనే పేర్కొనాలని కోరుతున్నాం. ప్రతి ట్రిప్పుకు కాలనీ నుంచి గ్రామసభ ఎంపిక చేసిన ఇద్దరు మహిళలు సంతకం చేస్తారు.*

*ట్యాంకర్ నింపే బోరు నీటిని పరీక్ష చేయించి ఫలితం పంచాయతీకి తెలియజేయగలరు.*

*జతపరచినవి: గ్రామసభ తీర్మానం, కుళాయి నమోదు పుస్తకం నకలు, బోర్ల కొలతల వివరం.*

*ఇట్లు,*
*సర్పంచ్*

ఈ లేఖలోని కొన్ని వరసల గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది వేళ. ఎండాకాలంలో కాలనీ ఆడవాళ్లలో ఎక్కువమంది తెల్లవారగానే ఉపాధి పనికో కూలికో వెళ్తారు. ట్యాంకర్ పది గంటలకు వస్తే ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. ట్యాంకర్ వచ్చింది, వెళ్లింది, పుస్తకంలో ట్రిప్పు నమోదైంది, ఇళ్లలో మాత్రం నీళ్లు లేవు. నీళ్ల కోసం ఒక మనిషి ఇంట్లో ఉండిపోతే ఆ ఇంటికి ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే వేళ కూడా లేఖలో ఉండాలి.

రెండోది తొట్టి. తొట్టి లేకపోతే డ్రైవర్ పైపు విప్పి డ్రమ్ముల్లో పడతాడు. ముందు చేరినవాళ్లకు, పెద్ద డ్రమ్ములున్నవాళ్లకు ఎక్కువ, మిగిలినవాళ్లకు తక్కువ. కొంత నేల పాలు. ఒక ట్యాంకరు నీళ్లు 100 ఇళ్లకు సమానంగా పంచితే ఇంటికి 50 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలతో మూడు బిందెలు. ఇంత తక్కువలో అంచనా తప్పితే గొడవే. కాలనీలో తొట్టి లేకపోతే పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు కూడా అదే లేఖలో అడగాలి.

మూడోది నీళ్లు ఎక్కడివి అన్నది. ట్యాంకర్ నింపేది చాలాసార్లు ఎవరో రైతు పొలంలోని బోరు దగ్గర. అనంతపురం, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, రుచికి తెలియదు, కాచినా పోదు. పరీక్ష ఒక్కటే దారి. ఆర్‌డబ్ల్యూఎస్‌కు ప్రయోగశాలలు ఉన్నాయి కాబట్టి అది అసాధ్యమైన కోరిక కాదు.

ట్యాంకరుకు బదులు ఊరి దగ్గరి ప్రైవేటు బోరును అద్దెకు తీసుకోవడం శాఖ వేసవి ప్రణాళికల్లో మామూలే. ఖర్చు తక్కువ, కాబట్టి అధికారులు మొదట దాన్నే సూచించవచ్చు. ఒప్పుకోవడానికి ముందు ఒక మాట అడగాలి: నీళ్లు పైపు ద్వారా కాలనీ తొట్టికి వస్తాయా, మేమే ఆ పొలానికి వెళ్లి పట్టుకోవాలా? రెండోదైతే ప్రభుత్వం అద్దె కట్టినా, కాలనీ ఆడవాళ్లు భూస్వామి గట్టు మీద అతని దయ కోసం నిలబడాల్సిందే. పైపు వేయడాన్ని ఒప్పందంలో భాగం చేయమని కోరాలి.

మంజూరు వచ్చాక ఏం చూడాలి?

లేఖ ఇచ్చినప్పుడు రసీదు నంబరు తీసుకోవాలి. వారంలోపు ఏఈ రాకపోతే ఆ నంబరుతో మళ్లీ అడగాలి. ఏఈ వచ్చినప్పుడు ఊరి ట్యాంకు దగ్గర ఆగిపోకుండా కాలనీ చివరి కుళాయి దాకా నడిపించాలి. ఈ ప్రక్రియ అంతటిలో అతి ముఖ్యమైన అర కిలోమీటరు అదే.

మంజూరు ఉత్తర్వు నకలు చేతికి వచ్చాక అందులో కాలనీ పేరు, ట్రిప్పుల సంఖ్య విడిగా ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే మొదటి ట్రిప్పు రాకముందే సవరణ కోరాలి. తర్వాత ఎవరి ట్రిప్పులు ఎవరివన్నది తేల్చడం కష్టం.

ట్రిప్పుల పుస్తకాన్ని వారానికి ఒకసారి చూడాలి. బిల్లు చెల్లింపు దాని ఆధారంగానే జరుగుతుంది కాబట్టి అక్రమం జరిగితే ఆనవాళ్లు అక్కడే దొరుకుతాయి. వేర్వేరు తేదీల సంతకాలన్నీ ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో ఉంటే అవి ఒక్కరోజే పెట్టినవి. నింపే బోరు పది కిలోమీటర్ల దూరంలో ఉండగా ఒకే ట్యాంకరు అరగంటకో ట్రిప్పు వేసినట్టు ఉంటే ఆ ట్రిప్పులు కాగితం మీద వేసినవే. నింపి, వచ్చి, దింపి, తిరిగి వెళ్లడానికి పట్టే సమయం మన కళ్లముందే ఉంది కాబట్టి దీన్ని ఎవరైనా లెక్కకట్టవచ్చు. పుస్తకం చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద నకళ్లు కోరవచ్చు, రికార్డును స్వయంగా పరిశీలించే అవకాశమూ అడగవచ్చు. మామూలుగా 30 రోజుల గడువు ఉంది, అప్పటికి వేసవి సగం అయిపోతుంది. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. తాగునీరు ఆ కోవలోకి వస్తుందని దరఖాస్తులో కారణంతో సహా రాయాలి. అధికారి ఒప్పుకుంటారన్న హామీ లేదు, కానీ అడిగిన దాఖలా మిగులుతుంది.

సర్పంచ్ అలా రాయకపోతే?

ఇదంతా సర్పంచ్ రాస్తారన్న నమ్మకం మీద నడిచింది. ఎస్సీకి రిజర్వయిన పంచాయతీలో కూడా లేఖ ఎవరి ఇంట్లో తయారవుతుందో, సర్పంచ్ సంతకం మాత్రమే ఎలా తీసుకుంటారో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాలనీని మొదట రాస్తే ఊర్లో ఓట్లు పోతాయన్న భయమూ ఉంటుంది. అలాంటప్పుడు “మాకు ముందు ఇవ్వండి” అని అడగడం కన్నా బోర్ల కొలతలు, జనాభా ముందు పెట్టి “మనిషికి ఎన్ని లీటర్లు వస్తోందో మీరే లెక్కేయండి” అనడం మేలు. 40కీ సున్నాకూ మధ్య తేడాను గ్రామసభలో అందరి ముందూ సమర్థించుకోవడం ఎవరికైనా కష్టం. గ్రామసభ తీర్మానంలో కాలనీ అంకె విడిగా నమోదైతే సర్పంచ్ లేఖలో దాన్ని వదిలేయడం అంత తేలిక కాదు.

అదీ కుదరకపోతే కాలనీ వార్డు సభ్యులు, కాలనీవాసులు నేరుగా కలెక్టరుకు ఇవే అంకెలతో అర్జీ ఇవ్వవచ్చు. ‘సర్పంచ్ గ్రామానికి ఇచ్చిన లేఖలో మా ఆవాసం వివరాలు లేవు, వాటిని ఇందులో చేర్చుతున్నాం’ అని రాసి, సర్పంచ్ లేఖ రసీదు నంబరును పేర్కొంటే రెండు కాగితాలూ ఒకే ఫైలులో చేరే అవకాశం ఉంటుంది.

ట్యాంకర్ జూన్, జులై వానలదాకా గడిపించేది మాత్రమే. ఎండిన బోరును అది తిరిగి నింపదు, చివరి కుళాయికి ఒత్తిడి పెంచదు. ఊరి ట్యాంకు నుంచి కాలనీకి విడిగా పైపులైను, ప్రత్యేకంగా తిప్పే వాల్వు, లేదా కాలనీకి సొంత ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటేనే వచ్చే మార్చిలో మళ్లీ ఈ లేఖ రాసే అవసరం తగ్గుతుంది. ఆ పని అడగడానికి కావలసిన రుజువులు ఈ వేసవిలోనే తయారవుతాయి: చివరి కుళాయి దగ్గరి నమోదు పుస్తకం, బోర్ల కొలతలు, కాలనీలో దింపిన ట్రిప్పుల లెక్క. వానలు పడగానే వాటిని పడేయకుండా దాచిపెట్టాలి. ఎస్సీ ఉప ప్రణాళిక నిధులతో కాలనీకి ట్యాంకు కట్టమని అడిగే తర్వాతి లేఖకు జతచేయాల్సిన కాగితాలు అవే.